రీల్‌లో మనిషిని ఎక్కడ పెట్టాలి? నిలువు ఫ్రేమ్‌లో ‘మూడో వంతు’ లెక్క.. పోచంపల్లి మగ్గం దగ్గర ఒక షూట్‌తో చూద్దాం

చీర బాగుంది. నేసే చేతులు బాగున్నాయి. వీడియో మాత్రం ఎవరూ ఆగి చూడట్లేదు. చేనేత ఇళ్లలో పిల్లలు ఫోన్ పట్టుకుని రీల్స్ తీయడం మొదలుపెట్టాక చాలాచోట్ల వినిపిస్తున్న మాట ఇది. దళారీ చేతికి వెళ్లకుండా చీరను నేరుగా అమ్ముకోవాలంటే ఆ రీలే దుకాణం. అందులో నేసే మనిషి కనిపించకపోతే, చీర షాపు గాజు అద్దం వెనుక వేలాడే చీరకూ దీనికీ తేడా ఏముంటుంది?

చాలాసార్లు తప్పు ఫోన్‌ది కాదు, లైటుది కూడా కాదు. మనిషిని ఫ్రేమ్‌లో ఎక్కడ పెట్టామన్నదే అసలు సంగతి. సినిమా వాళ్లు, టీవీ కెమెరామెన్ దీన్ని కంపోజిషన్ అంటారు. అందులో మూడు మాటలు తరచూ వినిపిస్తాయి. రూల్ ఆఫ్ థర్డ్స్, లీడింగ్ లైన్స్, నెగెటివ్ స్పేస్. యూట్యూబ్‌లో వీటి గురించి చెప్పే పాఠాల్లో ఎక్కువ భాగం అడ్డంగా ఉండే ఫొటోకో, సినిమా తెరకో సరిపోయేవి. నిలువుగా పట్టుకునే రీల్‌కు వచ్చేసరికి లెక్క మారుతుంది. ఎలా మారుతుందో యాదాద్రి భువనగిరి జిల్లా భూదాన్ పోచంపల్లిలో ఒక మగ్గం గదిని ఉదాహరణగా తీసుకుని చూద్దాం.

మొదటి టేక్‌లో ఏం జరుగుతుంది?

ఒక కుర్రాడు తన పెద్దమ్మ నేస్తుంటే తీయాలనుకున్నాడు అనుకుందాం. ఆమె గుంట మగ్గం మీద కూర్చుని ఉంది. అంటే కాళ్లు గుంటలో, నడుము దాదాపు నేల ఎత్తులో. కుర్రాడు గుమ్మంలో నిలబడ్డాడు. ఫోన్ అతని ఛాతీ ఎత్తులో ఉంది. పెద్దమ్మ ముఖాన్ని సరిగ్గా స్క్రీన్ మధ్యలోకి తెచ్చుకుని రికార్డ్ నొక్కాడు.

ఇప్పుడు స్క్రీన్‌లో ఏముంది? పై సగం అంతా గోడ, ట్యూబ్‌లైటు, మేకుకు తగిలించిన సంచి. మధ్యలో ముఖం. నేసే చేతులు, నాడె, బట్ట.. ఇవన్నీ కింద సగంలో. రికార్డ్ చేసేటప్పుడు బాగానే కనిపించింది. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాక చూస్తే చేతుల మీద అకౌంట్ పేరు, దాని కింద క్యాప్షన్, దాని కింద పాట పేరు. కుడివైపు లైక్, కామెంట్, షేర్ గుర్తులు. చూపించాలనుకున్నదే మాయమైంది. మిగిలింది ట్యూబ్‌లైటు.

ఇక్కడ జరిగిన పొరపాటు ఒక్కటే. కుర్రాడు ముఖం ఎక్కడ ఉండాలో చూసుకున్నాడు, మిగతా ఫ్రేమ్‌లో ఏముందో చూసుకోలేదు. కంపోజిషన్ అంటే మిగతా ఫ్రేమ్‌ను చూసుకోవడమే.

రూల్ ఆఫ్ థర్డ్స్ ఎక్కడి నుంచి వచ్చింది?

ఫ్రేమ్‌ను అడ్డంగా మూడు సమాన భాగాలు, నిలువుగా మూడు సమాన భాగాలు చేయండి. రెండు అడ్డగీతలు, రెండు నిలువు గీతలు వస్తాయి. అవి నాలుగు చోట్ల కలుస్తాయి. ముఖ్యమైనదాన్ని నట్టనడుమ కాకుండా ఆ గీతల మీదో, అవి కలిసే చోటో పెట్టమనేది ఇప్పుడు అందరికీ తెలిసిన సూత్రం.

ఈ పేరు మొదట కనిపించింది కెమెరా పుట్టకముందే. 1797లో జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లండ్ చిత్రకారుడు ‘రిమార్క్స్ ఆన్ రూరల్ సీనరీ’ అనే పుస్తకంలో ఈ మాట వాడారు. అయితే ఆయన చెప్పింది నాలుగు చుక్కల గురించి కాదు, వాటాల గురించి. ప్రకృతి దృశ్యం గీస్తే ఆకాశం రెండు వంతులు ఉండాలి, లేదా ఒక వంతు ఉండాలి, సగం సగం పంచొద్దు అన్నది ఆయన ఉద్దేశం. రెండు భాగాలు సమానమైతే చూసేవాడికి ఏది ముఖ్యమో తెలియదు. ఒకటి పెద్దదై, ఒకటి చిన్నదైతే వెంటనే తెలుస్తుంది.

స్పీల్‌బర్గ్ 2022లో తీసిన ‘ది ఫేబుల్‌మన్స్’ చివర్లో పాత తరం దర్శకుడు జాన్ ఫోర్డ్ ఒక కుర్రాడికి చెప్పే పాఠం కూడా ఇదే. నేల, ఆకాశం కలిసే గీత పైన ఉంటే బాగుంటుంది, కింద ఉంటే బాగుంటుంది, మధ్యలో ఉంటే బోరు కొడుతుంది. అంటే రూల్ ఆఫ్ థర్డ్స్‌ను స్కేలు పెట్టి కొలవాల్సిన పని లేదు. ఫ్రేమ్‌లో ఎవరికి పెద్ద పీట వేస్తున్నారో ముందే తేల్చుకోమని చెప్పే మాట అది.

ఫోన్‌లో ఈ గీతలు కనిపించాలంటే ఐఫోన్‌లో Settings > Camera > Grid ఆన్ చేయాలి. ఆండ్రాయిడ్ ఫోన్లలో కెమెరా యాప్ సెట్టింగ్స్‌లోనే Grid లేదా Grid lines అని ఉంటుంది. ఈ గీతలు వీడియోలో పడతాయేమోనని కొందరు భయపడతారు, పడవు. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. ఫొటో మోడ్‌లో ఫ్రేమ్ సరిచూసుకుని ఆ తర్వాత వీడియోకు మారితే దృశ్యం కాస్త దగ్గరకు జరిగినట్టు అవుతుంది, అంచుల్లో కొంత తెగిపోతుంది. అందుకే ముందు వీడియో మోడ్‌లోకి వెళ్లి, ఆ తర్వాతే గీతలు చూసుకోవాలి.

నిలువు ఫ్రేమ్‌లో నాలుగు చుక్కల్లో రెండు పనికిరావు

ఇక్కడే అసలు చిక్కు ఉంది. రీల్ ఫ్రేమ్ 9:16. పిక్సెళ్లలో చెప్పాలంటే వెడల్పు 1080, ఎత్తు 1920. మూడు భాగాలు చేస్తే పై అడ్డగీత పైనుంచి 640 దగ్గర, కింది అడ్డగీత 1280 దగ్గర వస్తాయి.

ఇన్‌స్టాగ్రామ్ యజమాని మెటా, రీల్స్‌లో ప్రకటనలు ఇచ్చేవాళ్లకు ఒక సూచన చేస్తుంది. పైన సుమారు 14 శాతం, కింద సుమారు 35 శాతం, పక్కల 6 శాతం చొప్పున ముఖ్యమైనదేదీ పెట్టొద్దని. అక్కడ యాప్ బటన్లు, పేర్లు వస్తాయి. మామూలు రీల్ తీసేవాళ్లకూ ఇది పనికొచ్చే లెక్కే. 1920లో 35 శాతం అంటే 672. అంటే పైనుంచి 1248 దాటిన చోటంతా యాప్ వాడుకునే జాగా. కింది అడ్డగీత 1280 దగ్గర ఉంది కదా, అది ఆ జాగాలోనే పడింది.

దీని అర్థం ఏంటంటే, పాఠాల్లో చెప్పే నాలుగు చుక్కల్లో కింది రెండు రీల్‌కు పనికిరావు. అక్కడ చేతులు పెట్టినా, ముఖం పెట్టినా క్యాప్షన్ కిందకు పోతాయి. మిగిలింది పైన ఉన్న రెండు చుక్కలు, వాటి కింద ఉన్న మధ్య భాగం. వాటిలోనూ కుడివైపు కిందకు జారితే లైక్ బటన్లు తగులుతాయి.

టీవీ వాళ్లకు ఇది కొత్తేం కాదు. న్యూస్‌లో మాట్లాడేవారి పేరు వచ్చే పట్టీని ‘లోయర్ థర్డ్’ అంటారు. కింది మూడో వంతులో వస్తుంది కాబట్టే ఆ పేరు. అక్కడ పట్టీ పడుతుందని కెమెరామన్‌కు ముందే తెలుసు కాబట్టి ముఖాన్ని పైన పెడతాడు. ఫోన్‌తో తీసేవాళ్లు కూడా అదే చేయాలి. పట్టీ వేసేది యాప్, అంతే తేడా.

మరి కింది భాగాన్ని ఏం చేయాలి? దీనికి జవాబు రెండో మాటలో ఉంది.

లీడింగ్ లైన్స్: కింద ఖాళీ ఉండకూడదు, దారి ఉండాలి

రోడ్డు, రైలు పట్టాలు, పొలం గట్టు, మెట్లు, వరండా స్తంభాలు.. ఇలా ఫ్రేమ్ అంచు దగ్గర మొదలై లోపలికి సాగే గీతలను లీడింగ్ లైన్స్ అంటారు. చూసేవాడి కన్ను ఆ గీతను పట్టుకుని లోపలికి నడుస్తుంది. గీత ఎక్కడ ఆగితే అక్కడ చూపు ఆగుతుంది. అక్కడ మనిషి ఉంటే మనిషిని చూస్తాడు. అక్కడ ఏమీ లేకపోతే తరువాతి రీల్‌కు వెళ్లిపోతాడు.

మగ్గం దగ్గర ఇంతకన్నా మంచి గీతలు ఎక్కడా దొరకవు. నేసేవారి ఎదురుగా చాచి కట్టిన పడుగు పోగులన్నీ ఆమె చేతుల వైపే వెళ్తాయి. పైగా పోచంపల్లి ఇక్కత్‌లో రంగు బట్టకు కాదు, నేయకముందే నూలుకు వేస్తారు. పోగులను కట్టలు కట్టి, ముడులు వేసి, రంగులో ముంచుతారు. పడుగుకూ ఇలా రంగు వేసిన చీరైతే, నేయకముందే ఆ పోగుల మీద డిజైన్ నీడలా కనిపిస్తుంది. ఆ నీడ ఆమె చేతి దగ్గరకు వెళ్లి బట్టగా మారుతుంది. ఈ కథంతా ఒక్క షాట్‌లో చెప్పొచ్చు.

కుర్రాడు ఇప్పుడు గుమ్మం వదిలి పడుగు రెండో చివరకు వెళ్లాలి, ఆమెకు ఎదురుగా. అక్కడ అన్నిటికన్నా ముఖ్యమైనది ఫోన్ ఎత్తు. ఫోన్‌ను సరిగ్గా పడుగు మట్టానికి పెడితే వేల పోగులు కలిసి ఒక్క సన్నని గీతలా కనిపిస్తాయి, దారి ఉండదు. నిలబడి పైనుంచి తీస్తే పడుగు పరిచిన చాపలా కనిపిస్తుంది, ఆమె ముఖం వంగి నడినెత్తే కనిపిస్తుంది. పడుగు కన్నా జానెడు నుంచి మూరెడు పైన ఫోన్ పట్టుకుంటే పోగులు విసనకర్రలా విచ్చుకుంటాయి. ఆ ఎత్తును కొంచెం కొంచెం మారుస్తూ స్క్రీన్ చూస్తే, ఒకచోట పోగులు రెండు కింది మూలల నుంచి బయల్దేరి ఆమె దగ్గర కలుస్తాయి. అదే సరైన ఎత్తు.

ఆమె కళ్లు పై అడ్డగీత మీద, చేతులు ఆ కిందనే మధ్య భాగంలో ఉండాలి. అప్పుడు కింది మూడో వంతులో పోగులు తప్ప ఇంకేం ఉండవు. క్యాప్షన్ వచ్చి వాటి మీద పడినా నష్టం లేదు, ఎందుకంటే ఒక పోగు కొన మూసుకుపోయినా దాని దిశ కంటికి తెలుస్తూనే ఉంటుంది. మనిషిని పెట్టడానికి పనికిరాని ఆ జాగా, గీతలు మొదలుపెట్టడానికి మాత్రం బాగా పనికొస్తుంది.

మరి ఆమెను ఎడమ గీత మీద పెట్టాలా, కుడి గీత మీదా? ఈ షాట్‌లో రెండూ కాదు, మధ్యలోనే. రెండు వైపుల నుంచీ పోగులు సమానంగా వచ్చి ఒకచోట కలుస్తున్నప్పుడు ఆ కలిసేచోటే ఆమె ఉండాలి. పక్కకు పెడితే గీతలు ఒకచోట, మనిషి ఇంకోచోట అవుతారు. స్టాన్లీ కుబ్రిక్ కూడా తన సినిమాల్లో పొడవాటి వరండాలను సరిగ్గా నడిమధ్య నుంచి తీశారు. గీతలన్నీ ఒక బిందువుకు వెళ్తుంటే మధ్యకు ఉన్నంత బలం ఇంకెక్కడా ఉండదు.

ఈ షాట్‌లో చెడిపోయేవి మూడు

మొదటిది లెన్స్. గది చిన్నదని 0.5x నొక్కితే దగ్గరున్న పోగులు విపరీతంగా విచ్చుకుని, ఆమె చిటికెన వేలంత అయిపోతుంది. గీతలు బ్రహ్మాండంగా ఉంటాయి, అవి చేరుకునే మనిషి మాత్రం కనిపించదు. పైగా చాలా ఫోన్లలో ఆ లెన్స్‌కు వెలుతురు తక్కువ అందుతుంది, మసక గదిలో గరుకుగా వస్తుంది. 2x పెడితే ముఖం పెద్దదవుతుంది, పడుగు పొడవు మాత్రం నొక్కేసినట్టు కుంచించుకుపోతుంది. మగ్గం గదికి 1x సరైనది. ఇంకా దగ్గరగా కావాలంటే జూమ్ కన్నా ఒక అడుగు ముందుకు వేయడం మేలు.

రెండోది ఫోకస్. ఫోన్ తనకు దగ్గరున్న పోగులను పట్టుకుంటుంది, ముఖం మసకగా ఉండిపోతుంది. చిన్న స్క్రీన్ మీద అప్పుడు తెలియదు, ఇంటికి వెళ్లి చూసుకున్నాక తెలుస్తుంది. ముఖం మీద వేలు నొక్కి అలాగే పట్టుకుంటే ఫోకస్, వెలుతురు రెండూ అక్కడే ఆగుతాయి. ఐఫోన్‌లో అప్పుడు AE/AF LOCK అని కనిపిస్తుంది.

మూడోది చాలామందికి అర్థం కాని జబ్బు. దగ్గర దగ్గరగా ఉన్న సన్నని పోగులు వీడియోలో నీటి అలల్లా మిలమిలలాడతాయి. దీన్ని మోయిరే అంటారు. పోగుల మధ్య ఎడం, కెమెరా సెన్సార్ పిక్సెళ్ల మధ్య ఎడం దాదాపు ఒకేలా అయినప్పుడు ఇలా వస్తుంది. ఎడిటింగ్‌లో దీన్ని తీయడం కష్టం. అక్కడికక్కడే ఫోన్‌ను అరడుగు ముందుకో వెనక్కో జరిపితే, లేదా కోణం కొద్దిగా మారిస్తే చాలావరకు పోతుంది.

నెగెటివ్ స్పేస్: మిగిలిపోయిన ఖాళీ వేరు, వదిలిన ఖాళీ వేరు

మనిషి చుట్టూ ఏమీ లేని జాగాను నెగెటివ్ స్పేస్ అంటారు. ఖాళీ గోడ, ఆకాశం, నీళ్లు, చీకటి.. ఏదైనా కావచ్చు. పేరు విని అదేదో చెడ్డది అనుకోవద్దు. మనిషిని ఒంటరిగా చూపాలన్నా, నిశ్శబ్దాన్ని చూపాలన్నా, లేక స్క్రీన్ మీద నాలుగు మాటలు రాయాలన్నా ఈ ఖాళీ కావాల్సిందే.

మొదటి టేక్‌లోనూ పెద్దమ్మ తల మీద సగం ఫ్రేమ్ ఖాళీయే కదా, అది నెగెటివ్ స్పేస్ కాదా? కాదు. అందులో ట్యూబ్‌లైటు ఉంది, సంచి ఉంది. అవి కంటిని లాగుతాయి. వెలుగుతున్న లైటు ఫ్రేమ్‌లో ఉంటే ముందు చూపు దాని మీదకే పోతుంది. మిగిలిపోయిన ఖాళీకి, కావాలని వదిలిన ఖాళీకి తేడా తెలుసుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. తీసిన షాట్‌ను ఆపి, ఆ ఖాళీ భాగాన్ని అరచేత్తో మూయండి. మిగిలిన బొమ్మ ఇంకా బాగుందనిపిస్తే ఆ ఖాళీ దండగ, దగ్గరకు వెళ్లి మళ్లీ తీయాలి. మూస్తే ఏదో పోయినట్టు అనిపిస్తే అది ఉండాల్సిందే.

అదే గుమ్మం షాట్‌ను ఇప్పుడు సరిచేద్దాం. సంచి తీసేయాలి. ట్యూబ్‌లైటు ఫ్రేమ్‌లోకి రాని చోటు చూసుకోవాలి, వెలుతురుకు కిటికీ తలుపు తీయాలి. ఫోన్‌ను నడుము ఎత్తుకు దించి, ఆమెను పక్క నుంచి చూడాలి. వెనుక ఉత్త గోడ ఉండాలి.

ఆమెను ఎడమ నిలువు గీత మీద పెట్టాలి, ఆమె కుడివైపుకు చూస్తూ ఉండాలి. ఎందుకంటే మనిషి ఎటు చూస్తే ప్రేక్షకుడి చూపు అటే వెళ్తుంది. చూసే వైపు జాగా వదలకపోతే ఆమె ఫ్రేమ్ అంచును ముక్కుతో గుద్దుకుంటున్నట్టు ఉంటుంది. ఇక్కడ కుడివైపు పడుగు చాచి ఉంది, ఆమె దాని వైపే చూస్తుంది. లైక్ బటన్లు కూడా కుడివైపే కాబట్టి అవి వచ్చినా గోడ మీదో, పడుగు మీదో పడతాయి.

గుమ్మం నుంచి చూస్తే ఆమె ఎడమవైపుకు తిరిగి ఉందనుకోండి. అప్పుడు మగ్గానికి అవతలి పక్కకు వెళ్లి తీయాలి. తీశాక యాప్‌లో వీడియోను అద్దంలోలా తిప్పేస్తే సరిపోదా అంటే, అలా చేస్తే కుడిచేయి ఎడమచేయి అవుతుంది, గోడ మీద క్యాలెండర్ అక్షరాలు తిరగబడతాయి. నేత తెలిసినవాళ్లు ఒక్క చూపులో పట్టేస్తారు.

ఇక ఎత్తు సంగతి. సినిమా తెర మీదైతే ఆమెను కింది మూలలో చిన్నగా పెట్టి పైనంతా గోడ వదిలేయొచ్చు. పోలండ్ సినిమా ‘ఇడా’(2013)లో పాత్రల ముఖాలను ఫ్రేమ్ అడుగున పెట్టి, తల మీద పెద్ద ఖాళీ వదిలారు. అమెరికన్ సిరీస్ ‘మిస్టర్ రోబోట్’(2015)లో హీరోను మూలకు నెట్టి, చూసే వైపు కాకుండా వీపు వైపు జాగా వదిలి అతని ఇరుకును చూపించారు. రెండూ పేరు తెచ్చుకున్న ప్రయోగాలే. కానీ రీల్‌లో అదే పని చేస్తే ముఖం క్యాప్షన్ కింద సమాధి అవుతుంది.

అందుకే ఇక్కడ ఒక రాజీ కావాలి. ఆమె తల ఫ్రేమ్ నడిమి ఎత్తు దగ్గర, చేతులు దానికి కాస్త కింద, 1248 గీత దాటకుండా. అంటే ఎడమా కుడీ విషయంలో మూడో వంతు సూత్రం పాటించారు, ఎత్తు విషయంలో యాప్‌కు తలవంచారు. తల పైన మిగిలిన గోడలో, పై 14 శాతం వదిలి, ‘ఈ చీర నేసేది ఈ చేతులే’ లాంటి ఒక వాక్యం రాసుకోవచ్చు. గోడ ఖాళీగా ఉంటే అక్షరాలు చదవడానికి తేలిక. అదే పోగుల మీద రాస్తే ఒక్క ముక్కా కనిపించదు.

ఇందులోనూ ఒక చిక్కుంది. గోడ తెల్లగా ఉండి ఫ్రేమ్‌లో ఎక్కువ భాగం అదే అయితే, ఫోన్ ‘వెలుతురు ఎక్కువైంది’ అనుకుని బొమ్మ మొత్తాన్ని తగ్గించేస్తుంది. గోడ బూడిద రంగులోకి, మనిషి నల్లగా మారతారు. ఇక్కడ కూడా ముఖం మీద వేలు నొక్కి పట్టి వెలుతురును లాక్ చేయాలి. గోడ కాస్త వెలిసినట్టు వచ్చినా పర్వాలేదు. మరీ చీకటి గోడైతే అప్‌లోడ్ చేశాక అక్కడ గళ్లు గళ్లుగా, మచ్చలుగా కనిపిస్తుంది. యాప్ ఫైల్ సైజు తగ్గించేటప్పుడు ముందు దెబ్బతినేవి అలాంటి నున్నని చీకటి భాగాలే.

దగ్గరి షాట్‌లో మూడో వంతు వేరేలా పనిచేస్తుంది

మూడో షాట్ చేతుల క్లోజప్. ఆమె భుజం మీదుగా, నేసిన బట్ట అంచు కనిపించేలా. బట్ట ఎక్కడ ముగుస్తుందో, ఉత్త పోగులు ఎక్కడ మొదలవుతాయో ఆ అడ్డ అంచును పై అడ్డగీత మీదకు తేవాలి. అప్పుడు బట్ట రెండు వంతులు, పోగులు ఒక వంతు. స్మిత్ 1797లో చెప్పిన వాటాల లెక్క ఇదే. అంచు మధ్యలో ఉంటే చూపించేది బట్టనా, పోగులనా అన్నది తేలదు. చీర అమ్మాలంటే బట్టకు పెద్ద వాటా. నేత కష్టం చూపాలంటే అంచును కిందకు దించి పోగులకు పెద్ద వాటా. ఏది కావాలో తీసేవాళ్లే తేల్చుకోవాలి. కానీ మరీ కిందకు దించితే చేతులు క్యాప్షన్‌లోకి పోతాయని మరచిపోవద్దు.

నాలుగోది ఆమె మాట్లాడే షాట్. ఇక్కడ చాలామంది రూల్ గుర్తుపెట్టుకుని ముఖాన్ని పక్క గీత మీదకు తోస్తారు. అడ్డంగా ఉండే టీవీ ఫ్రేమ్‌లో అది బాగుంటుంది. నిలువు ఫ్రేమ్ వెడల్పు తక్కువ కాబట్టి దగ్గరి షాట్‌లో ముఖాన్ని పక్కకు నెడితే ఒక భుజం తెగిపోతుంది, ఇంకోవైపు అర్థం లేని ఖాళీ మిగులుతుంది. ఆమె నేరుగా ఫోన్‌లోకి చూసి మాట్లాడితే మధ్యలోనే ఉంచాలి, కళ్లు పై అడ్డగీత మీద. పక్కనున్న వారితో మాట్లాడితే మధ్యకూ పక్క గీతకూ నడుమ ఎక్కడో ఉంచితే చాలు.

నిజానికి ఫోన్‌లోకి చూడమంటే చాలామంది బిగుసుకుపోతారు. ‘‘పెద్దమ్మా, ఫోన్ దిక్కు చూడకు. నాతోనే మాట్లాడు’’ అని కుర్రాడు ఫోన్‌ను ఒక పక్కన పట్టుకుని, తాను ఇంకో పక్కన కూర్చుంటే మాట సహజంగా వస్తుంది. అయితే అతను కూర్చున్న వైపే జాగా వదలాలి. పొరపాటున వీపు వైపు వదిలితే ఆమె ఎవరినో చూసి భయపడుతున్నట్టో, మాట దాస్తున్నట్టో ఉంటుంది. ‘మిస్టర్ రోబోట్’లో కావాలని చేసింది ఇక్కడ తెలియక జరిగిపోతుంది.

నాలుగు షాట్లు కలిపినప్పుడు..

విడివిడిగా బాగున్న షాట్లు పక్కపక్కన పెడితే ఒక్కోసారి కంటికి నొప్పి పెడతాయి. కారణం చూపు గెంతడం. మొదటి షాట్‌లో ప్రేక్షకుడు ఎడమ మధ్యలో చూస్తున్నాడు. కట్ కాగానే ముఖ్యమైనది కుడి మూలలో ఉంటే దాన్ని వెతుక్కోవడానికి కొంత టైమ్ పోతుంది. షాట్ రెండు సెకన్లే అయితే వెతుక్కునేలోపు అది అయిపోతుంది. హాలీవుడ్ ఎడిటర్ వాల్టర్ మర్చ్ దీన్ని ఐ ట్రేస్ అంటారు. కట్ ఎక్కడ చేయాలో తేల్చే ఆరు విషయాల్లో ఒకటిగా చెప్పారు.

పోచంపల్లి ఉదాహరణలో ఎడమవైపున్న పెద్దమ్మ నుంచి మధ్యలోని ముఖానికి, అక్కడి నుంచి అదే ఎత్తులో ఉన్న బట్ట అంచుకు, మళ్లీ అదే ఎత్తులో ఉన్న కళ్లకు చూపు వెళ్తుంది. మూడు షాట్లలో ముఖ్యమైనది పై అడ్డగీత చుట్టుపక్కలే ఉంది. కన్ను పెద్దగా కదలక్కర్లేదు. ఇది సరిగా కుదిరిందో లేదో చూడటానికి రీల్‌ను సౌండ్ లేకుండా ఒకసారి ప్లే చేసి, ప్రతి కట్ దగ్గర మీ కన్ను ఎక్కడికి పరుగెత్తుతోందో గమనిస్తే చాలు. అప్‌లోడ్ చేసేముందు ప్రివ్యూలో బటన్లు, క్యాప్షన్ కనిపించేలా పెట్టుకుని చేతులు మూసుకుపోయాయేమో కూడా చూసుకోవాలి.

చూసేవాళ్లకూ ఇది అవసరమే

ఈ మూడు మాటలు తీసేవాళ్లకే కాదు, చూసేవాళ్లకూ పనికొస్తాయి. ఒకే సభను వేదిక ముందు నుంచి, తలల మట్టానికి ఫోన్ పెట్టి, జూమ్ చేసి తీస్తే జనం కిక్కిరిసినట్టు ఉంటారు. వెనుక వరుసల నుంచి 0.5x పెట్టి, ముందు ఖాళీ కుర్చీలను కింది రెండు వంతుల్లో నింపి తీస్తే ఎవరూ రానట్టు ఉంటుంది. రెండూ అదే సభ, అదే నిమిషం. ఒకరు ఖాళీని దాచారు, ఇంకొకరు ఖాళీకి పెద్ద వాటా ఇచ్చారు.

అలాంటి వీడియో ఫోన్‌లోకి వచ్చినప్పుడు జనం ఎంతమంది అని లెక్కపెట్టే ముందు ఇంకో ప్రశ్న వేసుకోవాలి. ఫోన్ ఎక్కడ, ఎంత ఎత్తులో పెట్టి తీశారు? ఫ్రేమ్ బయట ఏముంది? పెద్దమ్మ గదిలో సంచిని ఫ్రేమ్ నుంచి తీసేసినట్టే, అక్కడా ఎవరో దేన్నో తీసేసి ఉండొచ్చు.